చెయ్యి దూరని ఫోర్ ఎక్సెల్

బట్టల షాపులో "ఎవరికి మేడమ్?" అని అడిగితే "మా అక్కకి" అంటారట ఆవిడ. ఆవిడకి అక్క లేదు. బడిలో లెక్కలు చెప్పే టీచరు. "నాకే అంటే పైనుంచి కిందిదాకా ఒకసారి చూస్తారు కదండీ. ఆ చూపు పడలేక. అక్కకి అంటే 'మీ అంత ఉంటారా?' అంటారు. దాదాపు నా అంతే అంటాను. అక్కడితో సరి. కాకపోతే అక్క కోసం కొంటున్నదాన్ని ట్రయల్ రూమ్‌లోకి ఎలా వెళ్తాను? ఇంటికొచ్చి వేసుకుంటే పట్టదు. మార్చుకోవడానికి మళ్లీ వెళ్లాలంటే సిగ్గు."

దసరా షాపింగు మొదలయ్యేలోపు, లావుగా ఉన్నవాళ్లకి బట్టలు ఎందుకు దొరకవో రాయమన్నారు ఎడిటర్. గురువారానికి కాపీ చేతిలో ఉండాలన్నారు. డిజైనర్లతో మాట్లాడి, నాలుగు ఫొటోలు వేస్తే అయిపోయే పనే. కానీ కుర్తీలు కుట్టే ఓ చిన్న యూనిట్‌లో కటింగ్ మాస్టర్ బల్ల మీద, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక కాగితం కనబడింది. సైజుల పట్టిక. దాన్ని చదివాక డిజైనర్ల ఊసు ఎత్తబుద్ధి కాలేదు.

ఆ కాగితంలో 'ఎం' సైజు కుర్తీకి ఛాతీ 38 అంగుళాలు, భుజం 14, పైచేతి చుట్టు 13. అక్కణ్నుంచి సైజు పెరిగినకొద్దీ ఛాతీకి రెండు అంగుళాలు, భుజానికి అర, చేతికి అర కలుపుతూ పోతారు. దీన్నే గ్రేడింగ్ అంటారు. అంటే నిజంగా ఒక మనిషికి తొడిగి, సరిచూసి గీసిన ప్యాటర్న్ 'ఎం' ఒక్కటే. మిగతావన్నీ కూడికలు. ఎల్, ఎక్సెల్ వరకు ఈ కూడిక బాగానే నడుస్తుంది. ఆ తర్వాతే బోల్తా కొడుతుంది.

ఎలాగో టీచరుగారి కొలతలతోనే చూద్దాం. ఆవిడ ఛాతీ 44, భుజం 15, పైచేయి 16. షాపులో డబుల్ ఎక్సెల్ మీద 44 అని ఉంటుంది. సరిగ్గా నా కొలతే అనుకుని తీసుకున్నారొకసారి. ఆ 44 ఒంటి కొలత కాదు, గుడ్డ కొలత. సాగని కాటన్ కుర్తీకి ఛాతీ దగ్గర కనీసం మూడు నాలుగు అంగుళాల లూజు లేకపోతే ఊపిరాడదు. ఆ లెక్కన ఆవిడకి కావలసింది 48, అంటే ఫోర్ ఎక్సెల్. సరే, అదే దొరికిందనుకోండి. 'ఎం' నుంచి ఐదు మెట్లు ఎక్కాం కాబట్టి ఛాతీ 48కి వచ్చింది, బాగుంది. భుజం మాత్రం పదహారున్నర అయింది. ఆవిడ భుజం 15. కుట్టు రెండు వైపులా ముప్పావు అంగుళం చొప్పున కిందికి జారుతుంది, మెడ తెరుచుకుంటుంది. ఇక చేయి పదిహేనున్నర. ఆవిడ చేయే 16, దానికి రెండంగుళాల లూజు కలిపితే 18 ఉండాలి. రెండున్నర అంగుళాలు తక్కువ. ఒకే కుర్తీ భుజం దగ్గర వదులు, చేతి దగ్గర బిగువు. మోచేయి దాటాక పైకి రాదు.

ఒళ్లు చేసినప్పుడు ఎముక వెడల్పు పెరగదు. కండ, కొవ్వు పెరుగుతాయి, అవీ అందరికీ ఒకేచోట కాదు. ఒకరికి చేతుల్లో, ఒకరికి పొట్టలో, ఇంకొకరికి తుంటిలో. అందుకే పెద్ద సైజులకి విడిగా ఒక ప్యాటర్న్ గీసుకుని, అలాంటి ఒంటిమీదే తొడిగి చూసి, అక్కణ్నుంచి పైకీ కిందికీ లెక్క కట్టాలి. ఇది తెలియని కటింగ్ మాస్టర్ ఉండడు. ఈయనకీ తెలుసు. "కొత్త పేపర్ తియ్యాలంటే శాంపిల్ కుట్టాలి, వేసుకుని చూపించే మనిషి కావాలి, రెండుమూడుసార్లు మార్చాలి సార్. ఓనర్ ఒప్పుకోరు" అన్నాడు.

ఓనరుగారు చెప్పిన కారణం వేరు. గుడ్డ ఎక్కువ పడుతుందన్నారు. ఇది ప్రతి షాపులోనూ వినిపించే మాటే కాబట్టి మాస్టర్ చేతే బల్లమీద చాక్‌పీసుతో లెక్క వేయించాను. 44 అంగుళాల పన్నా గుడ్డ. 'ఎం' కుర్తీ ముందు ముక్క 19 అంగుళాలు, అటూ ఇటూ కుట్టుకి అరంగుళం చొప్పున వదిలితే 20. వెనక ముక్కా అంతే. రెండూ పక్కపక్కన పడుకోబెడితే 40, పన్నాలో ఇమిడిపోతాయి. ఎక్సెల్ దాకా సరిగ్గా అంచుకి అంచు సరిపోతుంది. డబుల్ ఎక్సెల్‌కి రెండు ముక్కలూ కలిసి 46, ఇక పట్టవు. ఒకదాని కింద ఒకటి పరచాల్సిందే. పక్కన మిగిలే పీలికలోంచి చేతులు తీసుకోవచ్చు కాబట్టి గుడ్డ మరీ రెట్టింపేమీ కాదు. 'ఎం' కుర్తీకి చేతులతో కలిపి సుమారు మీటరూ ముప్పావు, ఫోర్ ఎక్సెల్‌కి రెండున్నర మీటర్లకి కాస్త తక్కువ. తేడా ముప్పావు మీటరు లోపే. మీటరు 120 రూపాయల గుడ్డయితే ఎనభై, ఎనభై ఐదు రూపాయలు. అదే 58 అంగుళాల పన్నా తెచ్చుకుంటే ఫోర్ ఎక్సెల్ ముక్కలు కూడా పక్కపక్కనే పడతాయి. కాబట్టి గుడ్డ సాకు నేను నమ్మను. ఎనభై రూపాయలు ఎక్కువిచ్చి కొనేవాళ్లు లేరా? ఉన్నారు, వాళ్లకి అమ్మేవాళ్లే లేరు. అసలు ఖర్చు ఆ కొత్త పేపర్‌ది, దాన్ని సరిచూసే మనిషిది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. లావుపాటి ఆడవాళ్ల కోసం రెడీమేడ్ అమ్మడం కొత్త సంగతేం కాదు. లిథువేనియా నుంచి న్యూయార్క్ వచ్చిన లీనా బ్రయంట్ అనే కుట్టుపనావిడ, ఇంజినీరైన భర్త ఆల్బర్ట్ మాల్సిన్‌తో కలిసి వేలమంది ఖాతాదార్ల కొలతలు తీయించి, లావులోనూ రకాలున్నాయని వందేళ్ల కిందటే తేల్చి అమ్మింది. 1939–40లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15 వేలమంది స్త్రీలను తలా 59 చోట్ల కొలిచింది. దాని ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం వచ్చింది, 1983లో ఎత్తేశారు. మనకి చాలాకాలం మన ఒళ్ల లెక్కే లేదు. పరాయి దేశాల పట్టికల్ని అటూ ఇటూ సవరించుకుని వాడుకున్నాం. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేలమందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి 'ఇండియాసైజ్' తలపెట్టింది 2018లో.

ఇంతకీ కొనేవాళ్లు తక్కువా? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25 లేదా అంతకు మించి ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశం మొత్తమ్మీద 24. ఇంతమంది వీధిలో కనబడుతుంటే షాపువాళ్లకి ఎందుకు కనబడరు? దానికి జవాబు హోల్‌సేల్ బేరంలో ఉంది. చాలాచోట్ల కుర్తీలు సెట్లుగానే అమ్ముతారు. ఎం, ఎల్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ తలా ఒకటి. సెట్టు విప్పరు. డబుల్ ఎక్సెల్ ముందే అయిపోతే, ఇంకొకటి కావాలంటే మళ్లీ నాలుగూ కొనాలి. అందుకని షాపాయన కొనడు. ఆ తర్వాత వచ్చిన మనిషి "పెద్ద సైజు ఉందా?" అని అడిగి, లేదంటే వెళ్లిపోతుంది. అమ్మిందైతే బిల్లు పుస్తకంలో ఉంటుంది. అడిగి వెళ్లిపోయినవాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఏడాది చివర లెక్క చూసుకుంటే పెద్ద సైజులు అమ్మింది తక్కువే అని తేలుతుంది. నిజమే, తెచ్చింది తక్కువ కాబట్టి.

సిగ్గు కూడా ఈ లెక్కలోంచే పుడుతుంది. ట్రయల్ రూమ్‌లో మోచేయి దగ్గర చేయి ఇరుక్కున్నప్పుడు, గ్రేడింగ్‌లో రెండున్నర అంగుళాలు తక్కువైందని ఎవరికి తెలుస్తుంది? ఎదురుగా ఉన్నది పట్టిక కాదు, అద్దం. బయట సేల్స్ గర్ల్ "సరిపోయిందా ఆంటీ?" అంటుంది. ఆవిడ లోపలినుంచే "రంగు నచ్చలేదమ్మా" అంటుంది. రంగు నచ్చలేదన్నవాళ్లలో ఎంతమందికి నిజంగా రంగు నచ్చలేదో ఆ అమ్మాయికీ తెలుసు. కొన్ని షాపుల్లో ఇంకో అడుగు ముందుకేసి, "ఒరేయ్, పైన పెద్ద సైజు కట్ట దింపరా, మేడమ్‌కి!" అని హాలంతా వినబడేలా కేకేస్తారు. వాళ్లకది సరుకు సంగతి, అవతలి మనిషికి పరువు సంగతి.

టీచరుగారింట్లో బీరువా చూపించారు. పై అరలో ట్యాగులు తీయని కుర్తీలు. తగ్గాక వేసుకుందామని కొన్నవి. కింది అరలో రోజూ కట్టే చీరలు. చీరకి సైజు లేదు, నిజమే, కానీ జాకెట్టుకి ఉంది కదా! ఆ జాకెట్టు దగ్గరే నాకు మన వీధి టైలర్ మీద ప్రేమ పుట్టుకొచ్చేది. ఆది జాకెట్టు తీసుకుని వెళ్తే ఆయనకి ఎం, ఎల్ ఏమీ అక్కర్లేదు. పుస్తకంలో ఛాతీ, నడుము, భుజం, చేతి చుట్టు, చంక విడివిడిగా రాసుకుంటాడు. ఒక కొలతకి ఇంకో కొలతతో సంబంధం ఉండాలని పట్టుబట్టడు. చంకలో చిన్న ముక్క వేసి చేతిని తేలిక చేస్తాడు, లోపల గుడ్డ వదిలి రెండు మూడు వరసలు కుడతాడు, ఒళ్లు పెరిగితే ఒక వరస విప్పుకోవచ్చు. అలాగని ఆయన్ని దేవుణ్ని చేయలేను. టేపు చుట్టి "నలభై నాలుగు రాయ్!" అని వీధిలోకి అరిచేదీ ఆయనే. పండక్కి ఇచ్చింది పండగయ్యాక చేతికిచ్చేదీ ఆయనే.

ఈ మధ్య పెద్ద సైజులకి విడిగా ఒక మూల కేటాయిస్తున్న షాపులున్నాయి. ముచ్చటే గానీ ఆ మూలలో నాకు కనిపించినవి ఎక్కువగా నల్లటివి, నేవీ బ్లూవి, గుడారంలా వేలాడేవి. వాటిలో ఒక ఫోర్ ఎక్సెల్ మీద టేపు పెట్టి చూశాను. చేయి పదిహేనున్నర.

కొనేముందు

పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, గుడ్డ కొలతా అన్నది ముందు చూసుకోండి. ఆన్‌లైన్‌లో కొందరు ఇదీ అదీ అని చెప్పరు. అలాంటప్పుడు మీకు బాగా సరిపోయే పాత కుర్తీని నేలమీద పరచి, చంక నుంచి చంకకి కొలిచి రెట్టింపు చేసి పోల్చుకోవడం మేలు. చేతి చుట్టు పట్టికలో లేకపోతే అడగండి. షాపులోనైతే కుర్తీ తిరగేసి పక్క కుట్టు చూడండి. ఓవర్‌లాక్ అంచుకి, కుట్టుకి మధ్య గుడ్డ లేకపోతే దాన్ని ఏ టైలరూ వదులు చేయలేడు. కొత్త ముక్క అతకాల్సిందే.

మగవాళ్ల సంగతి

వీళ్లకి చిక్కు పొట్ట దగ్గర. చొక్కా సైజు మెడనో ఛాతీనో బట్టి ఉంటుంది, పొట్టకి కొలతే లేదు. పొట్టకి సరిపోయే 46 తీసుకుంటే కాలరు వేలాడుతుంది, చేతులు అరచేతుల్లోకి దిగుతాయి. కాలరుకి సరిపోయింది తీసుకుంటే కూర్చున్నప్పుడు నాలుగో గుండీ దగ్గర నోరు తెరుచుకుంటుంది. అయితే మగవాళ్లు దాన్ని "సరైన చొక్కా దొరకలేదు" అంటారు. నాతో మాట్లాడినవాళ్లలో "నా పొట్ట తప్పు" అన్నవాళ్లు లేరు.