రికార్డింగ్ కాగితం లైవ్‌కు సరిపోదు

మా పత్రిక తరఫున కొన్నాళ్ళపాటు వారానికొక వీడియో కార్యక్రమం రికార్డు చేసి పెట్టేవాళ్ళం. తర్వాత ఆదివారం సాయంత్రాలు దాన్నే లైవ్‌గా ఇవ్వాలనుకున్నాం. మొదటి లైవ్‌కు పాత స్క్రిప్టునే చేతిలో పట్టుకొని కూర్చున్నాం. అందులో మూడో వరుసలో "ఇప్పుడు సాక్ష్యం" అని మాత్రమే ఉంది. సాక్ష్యం చెప్పిన సహోదరి పంతొమ్మిది నిమిషాలు మాట్లాడింది. మధ్యలో తన మరిది తాగుడు గురించి పేరుపెట్టి చెప్పింది. వాక్యం చెప్పిన దైవజనులు తన సమయం తాను తీసుకున్నారు. చివరికి రోగుల కొరకు ప్రార్థనకు నలభై సెకన్లు మిగిలాయి. మరునాడు ఉదయం ఒక తల్లి ఫోన్ చేసి, "అయ్యగారూ, మా అబ్బాయి ఆపరేషన్ గురించి చీటీ పంపాను. పేరు రాలేదు. నేను చివరిదాకా చూశాను" అన్నది. ఆమెకు చెప్పడానికి మా దగ్గర మాట లేదు.

ఆ రోజు తప్పు ఆ సహోదరిది కాదు, దైవజనులదీ కాదు. తప్పు మా కాగితంలో ఉంది. రికార్డింగ్ స్క్రిప్టు సగం కాగితమే, మిగతా సగం ఎడిటర్ తలలో ఉంటుంది. సాక్ష్యం పదిహేడు నిమిషాలు రికార్డైతే ఆరు నిమిషాలకు కత్తిరించేది ఆయనే. చెప్పకూడని పేరు తీసేసేది, దగ్గును, మౌనాన్ని తొలగించేది, ప్రార్థనకు మూడు నిమిషాలు మిగిల్చేది కూడా ఆయనే. లైవ్‌లో ఆయన లేడు. కాబట్టి ఆయన తర్వాత చేసే ప్రతి నిర్ణయాన్నీ మనం ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితాన్నే రన్‌షీట్ అంటున్నాం. సంఘాల్లో ఆరాధన లైవ్ ఇచ్చేవారికి ఉపయోగపడుతుందని, మా కార్యక్రమాన్నే ఉదాహరణగా తీసుకొని అది ఎలా తయారు చేశామో వివరిస్తాం.

సమయాన్ని చివరినుండి లెక్కించాలి

మా రికార్డింగ్ కార్యక్రమం 28 నిమిషాలు: టైటిల్ అర నిమిషం, పలకరింపు నిమిషమున్నర, పాట 4, సాక్ష్యం 6, వాక్యం 12, ప్రార్థన 3, ముగింపు 1. ఈ అంకెలు కత్తిరించాక మిగిలినవి, మనిషి నిజంగా మాట్లాడే వేగానివి కావు. అందుకే స్క్రిప్టును మళ్ళీ బిగ్గరగా చదివి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. మైకు చేతులు మారడానికి, పాట బృందం లేచి నిలబడడానికి పట్టే సమయాన్ని కూడా కలిపాం. లైవ్‌కు 45 నిమిషాలు పెట్టుకున్నాం.

తర్వాత ఒక ప్రశ్న వేసుకున్నాం: ఏది తగ్గినా ఏది తగ్గకూడదు? మాకు జవాబు స్పష్టంగానే ఉంది. మంచం మీద నుండి చూసేవారు ప్రార్థన కోసం ఎదురుచూస్తారు. కార్యక్రమం సాగిపోతే ముందుగా నలిగిపోయేది చివర ఉన్న ఆ ప్రార్థనే. అందువల్ల ముగింపు 7:45 అని రాసి, అక్కడి నుండి వెనక్కి లెక్కించాం. ముగింపు మాటలకు, ఆశీర్వాదానికి 3 నిమిషాలు తీసేస్తే 7:42. ఒక్కో పేరుకు పదిహేను సెకన్ల చొప్పున ఇరవై నాలుగు పేర్లకు 6 నిమిషాలు, అందరికొరకు ప్రార్థనకు 2, మొత్తం 8. అంటే 7:34కు ప్రార్థన మొదలు కావాలి. ఆ గడియను ఎర్ర సిరాతో రాశాం. చీటీలు సాయంత్రం 6:30 వరకే తీసుకుంటాం. తర్వాత వచ్చినవి వచ్చే వారం జాబితాలో మొదట ఉంటాయి.

మిగతాది ఇలా కుదిరింది:

- 6:55 – "కొద్దిసేపట్లో ప్రారంభం" అన్న స్లైడు
- 7:00 – పలకరింపు, 2 నిమిషాలు
- 7:02 – పాట, 5 నిమిషాలు
- 7:07 – సాక్ష్యం, 8 నిమిషాలు
- 7:15 – వాక్యం, 17 నిమిషాలు
- 7:32 – ఒక పల్లవి, 2 నిమిషాలు
- 7:34 – ప్రార్థన, 8 నిమిషాలు
- 7:42 – ముగింపు, ఆశీర్వాదం, 3 నిమిషాలు

ఇందులో పల్లవి మెత్తని దిండు లాంటిది. వాక్యం రెండు నిమిషాలు సాగితే పల్లవి పాడం, ఎవరికీ తెలియదు. వాక్యం చెప్పేవారితో ముందే మాట్లాడి, వారి నోట్సులో వదిలేయగల భాగాన్ని పెన్సిలుతో గుర్తు పెట్టమంటాం. 7:25కు మూడో అంశానికి రాకపోతే ఆ భాగం దాటవేస్తారు. "అయ్యగారూ, తొందరగా ముగించండి" అని వేదిక కింద నుండి బతిమాలడం కంటే ఇది వారికీ గౌరవంగా ఉంటుంది.

సైగ ఒక్కరే ఇవ్వాలి

పాత స్క్రిప్టులో "పాట" అన్న మాట చాలు, రికార్డింగ్ ఆపి బృందాన్ని పిలుస్తాం. లైవ్‌లో ఆ మాట చాలదు. కెమెరా మార్చేవారికి, మైకు తెరిచేవారికి, పాడేవారికి ఒకే క్షణం తెలియాలి. అందుకని ప్రతి వరుసకూ ఎదురుగా, అంతకుముందు మాట్లాడేవారి చివరి వాక్యాన్ని అక్షరాలా రాస్తాం. వ్యాఖ్యాత "మన యౌవనస్థులు పాడే పాటతో ప్రభువును స్తుతిద్దాం" అనగానే కెమెరా మారాలి. ఆ వాక్యాన్ని ఆయన మార్చకూడదు. మిగతా పలకరింపు ఎలా చెప్పినా ఆయన ఇష్టం.

వాక్యం చెప్పేవారు చివరి వాక్యానికి కట్టుబడి ఉండరు, అది సహజం. వారికి మాట బదులు చేత సైగ పెట్టుకున్నాం: బైబిలు మూసి బల్ల మీద పెడితే ముగిసినట్టు. వారికి ఎదురుగా కూర్చున్న ఒక తమ్ముడు పెద్ద అక్షరాల అట్టలు చూపిస్తాడు: 5 నిమిషాలు, 2 నిమిషాలు, ముగించండి. అతనిది ఒక్కటే పని.

మార్పుకు ముందు రెండు మాటలు వాడతాం. పదిహేను సెకన్ల ముందు "పాట, సిద్ధం". ఆ మాటకు మైకు తెరుస్తారు, బృందం నిలబడుతుంది. తర్వాత "పాట, వెళ్ళండి". ఈ మాటలు ఒక్క మనిషి నోటి నుండే రావాలి. మొదట్లో వ్యాఖ్యాత, కెమెరా సహోదరుడు ఎవరికి తోచినట్టు వారు మార్చారు. పాట మొదలైనా తెరమీద వ్యాఖ్యాత నీళ్ళు తాగుతూ కనబడ్డారు.

అడ్డంకి వస్తే చెప్పే మాట

చివరి గడిలో అడ్డంకి వస్తే చెప్పాల్సిన మాటను పూర్తి వాక్యంగా రాస్తాం. "ఏదో ఒకటి చెప్పాలి" అని రాస్తే, ఆ క్షణంలో ఏ మాటా నోటికి రాదు.

సాక్ష్యం దగ్గర మాకు రెండు వాక్యాలున్నాయి. సమయం దాటితే: "అక్కా, ప్రభువు మిమ్మల్ని ఎలా విడిపించారో ఆ ఒక్క మాట చెప్పి ముగించండి." ఇతరుల పేర్లు, ఇంటి గుట్టు వస్తుంటే: "అక్కా, వారి విషయం మనం విడిగా ప్రార్థిద్దాం. మీ సంగతి చెప్పండి." ఈ రెండూ సాక్ష్యం చెప్పేవారికి ముందే వినిపిస్తాం, అప్పుడు నొచ్చుకోరు. అయినా ఒక హద్దు ఉంది. నోట వచ్చిన పేరును లైవ్‌లో ఎవరూ వెనక్కి తీసుకోలేరు. గొడవ, వ్యాధి, కోర్టు విషయం ఉన్న సాక్ష్యాన్ని ముందే రికార్డు చేసి, సరిచేసి, లైవ్ మధ్యలో చూపించడమే మేలు.

అతిథి ఫోన్ తెగినా, మైకు పోయినా మధ్యలో ఖాళీ వస్తుంది. అప్పుడు "ప్రార్థన చేద్దాం" అనడం మనకు అలవాటు. మేము అది మానేశాం. వైరు సరిచేసేదాకా ప్రార్థనను తెరలా అడ్డుపెట్టడం సరికాదు. పైగా లైను వచ్చాక ప్రార్థనను మధ్యలో ఆపలేం. దానికి బదులు కీర్తనలు చదువుతాం, నిడివి చూసి ఎంచుకుంటాం. 117వ కీర్తన రెండే వచనాలు, కొద్ది సెకన్లకు సరిపోతుంది. 121వది ఎనిమిది వచనాలు, దాదాపు నిమిషం. 103వది ఇరవై రెండు వచనాలు, ఎక్కువ ఆలస్యానికి. ఏ వచనం దగ్గర ఆపినా చదివిన వాక్యం వ్యర్థం కాదు. ముందు మాత్రం నిజం చెబుతాం: "ఫోన్ తెగిపోయింది, కలుపుతున్నారు. ఈలోగా 121వ కీర్తన విందాం."

కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గాని వైఫై పెట్టె ఆగిపోతుంది. అందుకు వేరే ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుతాం. యూట్యూబ్‌లో `Enable Auto-stop` ఆపి ఉంచుతాం. లేకపోతే సిగ్నల్ ఆగినప్పుడు లైవ్ అంతటితో ముగిసిపోవచ్చు, ప్రజలు పాత లింకు దగ్గరే ఉండిపోతారు. మందిరంలో ఏదీ పనిచేయనప్పుడు నోటి మాటా బయటకు పోదు. కనుక తన ఇంట్లో కూర్చుని చూసే ఒక సహోదరికి చానెల్ అనుమతి ఇచ్చాం. "కరెంటు పోయింది, ఇదే లింకులో మళ్ళీ వస్తాం" అన్న మాట ఆమె కామెంట్లలో పెడుతుంది. శబ్దం రాకపోయినా మొదట ఫోన్ చేసేది ఆమే. లైవ్ చూసేవారికి కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం ఆలస్యంగా చేరుతుంది. అందుకే "వినబడుతోందా?" అని తెరమీద అడిగి జవాబు కోసం ఆగడం వృథా.

మళ్ళీ కలిశాక ఆగిన చోటు నుండి మొదలుపెట్టం, గడియారం ఎక్కడుందో అక్కడికి వెళ్తాం. 7:34 అయితే ప్రార్థనకే.

"ఇన్ని నిమిషాల లెక్క పరిశుద్ధాత్మ నడిపింపుకు అడ్డు కాదా?" అని ఒక పెద్దాయన అడిగారు. 1 కొరింథీ 14లో పౌలు, ఒకరు మాట్లాడుతుండగా కూర్చున్న మరొకరికి ఏదైనా బయలుపరచబడితే మొదటివాడు ఊరకుండాలని చెబుతాడు. ఇతరులకు చోటివ్వడం కూడా ఆత్మ నడిపింపులోనిదే అని మేము గ్రహించాం. దైవజనులు భారంతో ఇంకా మాట్లాడాలనుకుంటే ప్రార్థన అయ్యాక, 7:45 తర్వాత కొనసాగిస్తారు. ఉండగలిగినవారు ఉంటారు.

లైవ్‌కు ముందు మొత్తం కార్యక్రమం కాక, మార్పులు మాత్రమే సాధన చేస్తాం: ఒకరి చివరి వాక్యం, మరొకరి మొదటి వాక్యం. ఒకసారి చెప్పకుండా మైకు తీసేసి, వ్యాఖ్యాతకు అడ్డంకి మాట నోటికి వస్తుందో లేదో చూస్తాం. లైవ్ అయ్యాక, నిజంగా ఎన్ని గంటలకు ఏది మొదలైందో పక్క గడిలో రాస్తాం. నాలుగు వారాల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆలస్యం వాక్యం వల్ల కాదని తెలిసింది. రెండు నిమిషాల పలకరింపు ప్రతి వారం నాలుగు నిమిషాలు అయ్యింది. పలకరించేది ఈ సంపాదకీయం రాసేవారే.

ఇప్పుడు ఆ పలకరింపును కాగితం చూసి చదువుతున్నాం. చీటీ పంపిన ఆ తల్లి కుమారుని పేరు తర్వాతి ఆదివారం జాబితాలో మొదట చదివాం.