తేనెపెట్టెకు కావలసినవి: వానాకాలం లెక్క

తేనెటీగల పెట్టెలో అడుగున పిల్లగది, పైన తేనెగది ఉంటాయి. వాటిలో వేలాడే చెక్క చట్రాలకు మైనపు రేకు అతికిస్తే ఈగలు దాని మీదే తిన్నగా పట్టు కడతాయి. ఇటాలియన్ ఈగల పెట్టెలో సాధారణంగా 10 చట్రాలు పడతాయి. పూలకాలం మొదలయ్యేలోపే అదనపు చట్రాలు, రేకులు సిద్ధం చేసుకోవాలి.

పెట్టె తెరిచేటప్పుడు ముఖానికి ముసుగు, చేతులకు గ్లౌజులు, లేతరంగు బట్టలు ఉండాలి. పొగడబ్బాలో కొబ్బరిపీచు గానీ పాత గోనెపట్టా గానీ వేస్తే చల్లని తెల్లపొగ వస్తుంది. పొగ వల్ల ఈగల హెచ్చరిక వాసన మరుగున పడుతుంది, అవి తేనె తాగి నెమ్మదిస్తాయి. పొగ చేతికి వేడిగా తగిలితే పచ్చిగడ్డి కుక్కాలి.

వానల్లో పూలు తగ్గినప్పుడు మేత అవసరం. పెట్టెను వెనక నుంచి కొద్దిగా ఎత్తితే తేలికగా అనిపించడం ఆకలికి గుర్తు. కిలో చక్కెరను లీటరు వేడినీటిలో కరిగిస్తే సుమారు లీటరున్నర పాకం వస్తుంది. పది పెట్టెలకు వారానికి అరలీటరు చొప్పున ఇస్తే మూడు కిలోలకు పైగా చక్కెర పడుతుంది. ఎనిమిది వారాలకు 27 కిలోలు సరిపోతాయి. పాకాన్ని చల్లార్చి, సాయంత్రం, పెట్టె లోపలే అన్నిటికీ ఒకేసారి పెట్టాలి. బయట ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం వాడితే ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీటిగిన్నెలు ఉంచాలి.