చంపింది యంత్రం, జవాబు చెప్పేది ఎవరు?

2003 మార్చి 23. అర్ధరాత్రి దాటింది. ఇరాక్ మీద దాడికి వెళ్లిన బ్రిటిష్ వాయుసేన టోర్నడో యుద్ధవిమానం పని ముగించుకుని కువైట్‌లోని అలీ అల్ సలేం స్థావరానికి తిరిగొస్తోంది. దిగేందుకు కిందికి వస్తున్న ఆ విమానాన్ని ఒక క్షిపణి కూల్చేసింది. లోపలున్న ఇద్దరూ చనిపోయారు. ఆ క్షిపణి శత్రువుది కాదు, తోటి సేన అయిన అమెరికాది. దాన్ని వదిలింది పేట్రియాట్ అనే గగనతల రక్షణ వ్యవస్థ.

డ్రోన్ల గురించి చెప్పబోతూ ఇరవై ఏళ్ల నాటి క్షిపణిని ఎత్తుకోవడానికి కారణం ఉంది. యంత్రం తప్పుగా గుర్తిస్తే, మనిషి దాన్ని నమ్మితే, ప్రాణాలు పోయాక బాధ్యత ఎటు పోతుందో ఈ ఒక్క ఘటనలో స్పష్టంగా కనిపిస్తుంది.

పేట్రియాట్ రాడార్ ఆకాశంలో ఏదైనా వస్తువును పట్టుకోగానే, దాని వేగం, ఎత్తు, దిశ చూసి అదేమిటో కంప్యూటరే తేలుస్తుంది. విమానమా, క్షిపణా అన్నది తెరమీద ఒక గుర్తుగా కనిపిస్తుంది. తెర ముందు కూర్చున్న సిబ్బందికి బయటి ఆకాశం కనిపించదు, ఆ గుర్తే కనిపిస్తుంది. ఆ రాత్రి కిందికి దిగుతున్న టోర్నడోను కంప్యూటర్ రాడార్ల మీదికి దూసుకొచ్చే క్షిపణిగా లెక్కగట్టింది. అలాంటి క్షిపణి ముందుగా ధ్వంసం చేసేది పేట్రియాట్ రాడార్‌నే. అంటే తమ ప్రాణాలకే ముప్పు వచ్చిందని సిబ్బంది అనుకున్నారు. తేల్చుకోవడానికి వాళ్లకు దొరికింది సుమారు ఒక నిమిషం.

బ్రిటిష్ రక్షణ శాఖ విచారణ బృందం కారణాలను ఒక్కొక్కటిగా వెలికితీసింది. క్షిపణిని గుర్తుపట్టేందుకు కంప్యూటర్‌కు ఇచ్చిన కొలతలు ప్రపంచంలో ఉన్న అలాంటి క్షిపణులన్నిటినీ దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇరాక్ దగ్గర నిజంగా ఏమున్నాయో చూసి వాటిని సరిచేయలేదు. కొలతలు అంత విశాలంగా ఉంటే మామూలు విమానం కూడా వాటిలో ఇమిడిపోతుంది. మనవాళ్లమేనని సంకేతం ఇచ్చే పరికరం టోర్నడోలో బహుశా పనిచేయలేదు, పనిచేయడం లేదని విమాన సిబ్బందికి బహుశా తెలియనూ లేదు. ఆ పేట్రియాట్ దళానికి అందాల్సిన సమాచార పరికరాలు అమెరికా నుంచి ఇంకా దారిలోనే ఉన్నాయి. అందుకే చుట్టుపక్కల ఏ విమానాలు తిరుగుతున్నాయన్న పూర్తి చిత్రం వాళ్ల దగ్గర లేదు. ఇక శిక్షణ. త్వరగా స్పందించు, ముందే కొట్టు, సాఫ్ట్‌వేర్‌ను నమ్ము అన్నట్టుగా సాగింది. తెర అబద్ధం చెబుతున్నప్పుడు ఎలా పసిగట్టాలన్నది అందులో ముఖ్యాంశం కాలేదు.

ఇప్పుడు నేరస్థుణ్ని వెతకండి. కొలతలు రాసిన ఇంజినీరుకు కువైట్‌లో ఆ రాత్రి ఏం జరుగుతుందో తెలియదు. శిక్షణ ఇచ్చినవారు సైన్యం పద్ధతి ప్రకారమే ఇచ్చారు. ఆదేశం ఇచ్చిన అధికారి, తెర చెప్పిందీ తనకు నేర్పిందీ రెండూ పాటించాడు. ప్రతి ఒక్కరి చేతిలోనూ తప్పులో ఒక ముక్క ఉంది, నేరమని పిలవగలిగినంత ముక్క ఎవరి చేతిలోనూ లేదు. పదిరోజుల తర్వాత, ఏప్రిల్ 2న, అదే వ్యవస్థ అమెరికా నౌకాదళానికే చెందిన ఎఫ్-18 విమానాన్ని క్షిపణిగా పొరబడి కూల్చింది. దాని పైలట్ చనిపోయాడు.

ఆ మరుసటి ఏడాదే తత్త్వవేత్త ఆంద్రియాస్ మాథియాస్ ఈ చిక్కును ఒక సిద్ధాంతంగా రాశాడు. తనంతట తాను నేర్చుకునే యంత్రం ఏం చేస్తుందో తయారుచేసినవాడు ముందుగా చెప్పలేడు, వాడేవాడు అదుపు చేయలేడు. అలాంటప్పుడు దాని చేతకు బాధ్యుడు దొరకని ఖాళీ ఒకటి ఏర్పడుతుందన్నాడు. 2007లో రాబర్ట్ స్పారో అదే వాదనను యుద్ధ యంత్రాలకు వర్తింపజేశాడు.

ఆ ఖాళీ ఇప్పుడు యుక్రెయిన్ ఆకాశంలో రోజురోజుకూ పెరుగుతోంది. అక్కడ వాడే చిన్న డ్రోన్లను సైనికుడు కళ్లద్దాల తెరలో చూస్తూ రేడియో సంకేతాలతో నడుపుతాడు. శత్రువు ఆ సంకేతాలను జామ్ చేస్తే డ్రోన్ గుడ్డిదైపోతుంది. దీనికి విరుగుడుగా డ్రోన్‌లోనే ఒక చిప్ పెట్టారు. సైనికుడు తెరమీద లక్ష్యాన్ని ఎంచి లాక్ చేస్తాడు. ఆపైన సంబంధం తెగిపోయినా చివరి కొన్ని వందల మీటర్లు డ్రోన్ కెమెరా ఆ ఆకారాన్నే వెంటాడి ఢీకొంటుంది. ఎంచుకున్నది మనిషే కాబట్టి ఇక్కడిదాకా బాధ్యుడు ఉన్నాడు. అయితే ఆ చివరి క్షణాల్లో ఎదుటివాడు చేతులెత్తి లొంగిపోతే డ్రోన్‌ను ఆపే దారి ఉండదు. లొంగిపోయినవాణ్ని చంపకూడదన్నది యుద్ధనీతిలో మొదటి పాఠాల్లో ఒకటి.

తర్వాతి మెట్టు మరింత ప్రమాదకరం. ఫలానా ప్రాంతంలో తిరుగు, ట్యాంకులా కనిపించినదాన్ని కొట్టు అని వదిలేయడం. లిబియాలో 2020లో తుర్కియే తయారీ కర్గు-2 డ్రోన్ల వంటివాటిని ఇలా, నడిపేవాడితో సంబంధం అవసరం లేకుండా దాడి చేసేలా ప్రోగ్రామ్ చేశారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2021 నివేదికలో రాసింది. వాటివల్ల ఎవరైనా చనిపోయారని మాత్రం అందులో తేల్చిచెప్పలేదు.

మరి చట్టం ఏమంటుంది? అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పునాది అయిన రోమ్ ఒడంబడిక ప్రకారం యుద్ధనేరానికి మామూలుగా ఉద్దేశం, ఎరుక రెండూ ఉండాలి. యంత్రానికి అవి లేవు. కింది సైనికుడి నేరానికి కమాండర్‌ను పట్టుకునే నియమం ఉంది కానీ, అది పనిచేయాలంటే ముందు కింద ఒక మనిషి నేరం చేసి ఉండాలి. తయారీదారులపై దావా వేద్దామా? 1988లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చి 290 మందిని చంపింది. బాధిత కుటుంబాలు ఆ నౌకలోని ఆయుధ వ్యవస్థను తయారుచేసిన కంపెనీల మీద కూడా కేసు వేశాయి. యుద్ధచర్యల మీద దావాలు చెల్లవంటూ అమెరికా కోర్టులు కొట్టేశాయి. 1996లో అమెరికా పరిహారం ఇచ్చింది, చట్టపరమైన బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు.

మీట మీద మనిషి వేలు ఉంటే చాలని చాలామంది అంటారు. టోర్నడో విషయంలోనూ తెర ముందు మనుషులున్నారు. చూసేందుకు వ్యవధి, అనుమానించే శిక్షణ, వద్దనే అధికారం లేని మనిషి యంత్రానికి సంతకం పెట్టేవాడిగా మిగులుతాడు, అంతే. కాబట్టి బాధ్యతను ఆయుధం వదలకముందే రాసిపెట్టాలి. ఏ రకం లక్ష్యం, ఎంత ప్రాంతం, ఎన్ని నిమిషాలు, ఎవరి ఉత్తర్వు అన్నవి పేరుతో సహా నమోదు కావాలి. మనుషులనే లక్ష్యంగా చేసుకునే స్వయంచాలక ఆయుధాలను, ఫలితం ఊహించలేని వాటిని పూర్తిగా నిషేధించాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2021లో కోరింది. ఆ కోరిక సరైనదని నా నమ్మకం.

ఇది దూరదేశాల గొడవ కాదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్‌లో, గాల్లో తిరుగుతూ లక్ష్యంపై విరుచుకుపడే ఆయుధాలను మన సేనలు వాడాయి. సైనిక డ్రోన్లు హైదరాబాద్‌లోనూ తయారవుతున్నాయి. 2023 డిసెంబరులో ఈ ఆయుధాలపై ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటేస్తే, వ్యతిరేకించిన నాలుగింటిలో భారత్ ఒకటి. దీన్ని జెనీవాలో ఇప్పటికే నడుస్తున్న చర్చల్లోనే తేల్చుకోవాలని మన ప్రభుత్వ వాదన. అక్కడ ప్రతిదీ ఏకాభిప్రాయంతో జరగాలి కాబట్టి ఒక్క దేశం అడ్డుపడినా నిర్ణయం ఆగిపోతుంది. కొత్త ఆయుధాన్ని సేనలో చేర్చేముందు అది యుద్ధచట్టానికి లోబడి ఉందో లేదో పరీక్షించాలని 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక చెబుతోంది. భారత్ అందులో చేరలేదు. చేరకపోయినా ఆ పరీక్షను మన చట్టంగా మనమే చేసుకోవచ్చు. ఏ ఆయుధం తప్పుకు ఏ అధికారి జవాబుదారీ అన్నది అందులో రాయవచ్చు. మన ఎంపీలు పార్లమెంటులో రక్షణ మంత్రిని అడగాల్సింది అదే.