ఇంటర్వ్యూ చివరి ఐదు నిమిషాల్లో ఏం అడగాలి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో అన్ని రౌండ్లూ అయ్యాక మేనేజర్ "మీరేమైనా అడుగుతారా?" అంటారు. కొందరు "ఏమీ లేదండీ" అని లేచిపోతారు. ఇంకొందరు "మీ టీమ్‌లో వర్క్ కల్చర్ ఎలా ఉంటుందండీ?" అంటారు. ఈ రెండో ప్రశ్న అడిగినా పెద్దగా తెలిసేదేమీ లేదు. అందరం కలిసిమెలిసి ఉంటాం, ఎవరు ఏ మాటైనా ధైర్యంగా చెప్పొచ్చు అనే జవాబు దాదాపు ప్రతిచోటా వస్తుంది. చెప్పేవారు అబద్ధమాడుతున్నారని కాదు. అభిప్రాయం అడిగితే అభిప్రాయమే చెప్తారు. టీమ్ స్వభావం తెలియాలంటే జరిగిన సంగతి ఒకటి చెప్పించుకోవాలి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచే ప్రశ్న ఇది: "ఈమధ్య ప్రొడక్షన్‌లో పెద్ద సమస్య ఏదైనా వచ్చిందా? అప్పుడేం జరిగింది, తర్వాత ఏం మార్చారు? పేర్లు, క్లయింట్ వివరాలు అక్కర్లేదండీ." ఆఖరి వాక్యం తప్పక ఉండాలి. అది లేకపోతే, రహస్యాలు బయటపెట్టకూడదన్న జంకుతో ఎదుటివారు మాట దాటేస్తారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. శుక్రవారం సాయంత్రం ఒక సెట్టింగ్ మార్చడంతో అరగంటపాటు పేమెంట్లు ఆగిపోయాయి. ఒక మేనేజర్ ఇలా చెప్తారు: "కొత్తగా చేరిన అబ్బాయి చూసుకోకుండా మార్చేశాడండీ. గట్టిగా చెప్పాం. ఇప్పుడు ఏ మార్పైనా నేను ఓకే అన్నాకే వెళ్తుంది." మరో మేనేజర్ ఇలా అంటారు: "ఆ తప్పును మా టెస్టులు పట్టుకోలేదు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం ఒక్కరికే తెలుసు, ఆయన ఆరోజు సెలవు. అందుకే అంతసేపు పట్టింది. తర్వాత ఆ స్టెప్పులన్నీ రాసిపెట్టాం. ఇప్పుడు ఏ మార్పునైనా ముందు కొద్దిమంది యూజర్లకే పంపి చూస్తున్నాం."

సంఘటన ఒకటే. మొదటి జవాబులో దొరికింది ఒక మనిషి, పెరిగింది ఒక అనుమతి. అక్కడ చేరితే చిన్న మార్పుకీ మేనేజర్ కోసం కాచుకోవాలి, పొరపాటు జరిగితే చెప్పడానికి భయపడాలి. రెండోదాంట్లో కారణాలు దొరికాయి, పద్ధతి మారింది. "మాకు అలాంటివేమీ రాలేదండీ" అంటే మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టీమ్ కొత్తదైతే అది నిజమే కావచ్చు. ఏళ్లుగా నడుస్తున్న సిస్టమ్ గురించి అలా అంటే నమ్మడం కష్టం. అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో అక్కడే ఎక్కువ కనిపించాయి. వాళ్లు దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె గ్రహించారు.

ఇంకో ప్రశ్నను ఇద్దరిని విడివిడిగా అడగాలి: "పోయిన నెలలో ఆన్‌కాల్‌లో ఉన్నవారికి రాత్రి ఎన్నిసార్లు ఫోనొచ్చింది? తొమ్మిది దాటాక మీటింగులు వారానికి ఎన్ని?" అమెరికా టీమ్‌లతో పనిచేసే హైదరాబాద్ ఉద్యోగికి ఇది ఇంటి సంగతి కూడా. మేనేజర్ "ఎప్పుడో ఒకసారి" అని, రోజూ పనిచేసే ఇంజనీర్ కాసేపు ఆగి "కొంచెం ఉంటుందండీ" అంటే, ఇంజనీర్ మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఆ ఫోన్లు మోసేది ఆయన. ఇద్దరి మాటా కలిస్తే, అంకె పెద్దదైనా అది నిజం చెప్పుకునే టీమ్.

అడగకూడనివీ ఉన్నాయి. జీతం, సెలవులు హెచ్ఆర్‌తో తేల్చుకోవలసినవి. టెక్నికల్ రౌండ్‌లో అడిగితే జవాబు రాదు, ఉన్న కాస్త సమయం పోతుంది. "నేనెలా చేశానండీ?" అంటే ఎదుటివారు ఇరుకున పడతారు. వాళ్లింకా మిగతా ప్యానెల్‌తో మాట్లాడి ఉండరు. "మీ టీమ్‌లో జనం ఎందుకు మానేస్తున్నారు?" అంటే నిలదీసినట్టుంటుంది. తెలుసుకోవాల్సింది అదే అయినా, "ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్తే ఖాళీ అయిందా? వాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అని అడగొచ్చు. అదే కంపెనీలో వేరే టీమ్‌కి మారారంటే, మనుషుల్ని ఎదగనిచ్చే మేనేజర్ కావచ్చు.

ఇవన్నీ సర్వీస్ కంపెనీల్లో ఇలాగే పనిచేయవు. అక్కడ ఇంటర్వ్యూ చేసేవారు చాలాసార్లు మీరు వెళ్లబోయే ప్రాజెక్టులో ఉండరు. వారిని ఆన్‌కాల్ గురించి అడిగితే తమ ప్రాజెక్టు సంగతి చెప్తారు, అది మీకు వర్తించకపోవచ్చు. అలాంటిచోట "ప్రాజెక్టు ముందే ఖరారైందా, బెంచ్ మీద ఉంచి తర్వాత ఇస్తారా? నచ్చకపోతే మారడానికి ఎంతకాలం ఆగాలి?" అని అడిగి, ప్రాజెక్టు తేలాక ఆ మేనేజర్‌తో పదిహేను నిమిషాలు మాట్లాడించమని హెచ్ఆర్‌ను కోరండి. ఆఫర్ ఒప్పుకోకముందే అడగాలి, సంతకం పెట్టాక ఆ అవకాశం ఉండకపోవచ్చు.