జొన్నరొట్టె తినే ఇంట్లో గోధుమ జబ్బు వస్తుందా?

రాయచూరు జిల్లా సిరవార నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా ఇంట్లో జొన్నరొట్టె, అన్నమే. గోధుమ పడని సీలియాక్ జబ్బు మాకెందుకు వస్తుంది? నా కడుపునొప్పి ఐబీఎస్ అనుకోవచ్చా?"

ఐబీఎస్‌లో పేగుకు పుండు, వాపు ఉండవు. దాని కదలికలు, నొప్పిని పసిగట్టే నరాలు గాడి తప్పుతాయి. మూడు నెలలుగా వారానికి ఒక రోజైనా నొప్పి వస్తూ, విరేచనంతో పాటు అది పెరగడమో తగ్గడమో ఉంటుంది. ఐబీడీ అనే మరో జబ్బులో పేగు గోడే వాచి పుండ్లు పడతాయి.

సీలియాక్ కథ వేరు. గోధుమలోని గ్లూటెన్ పూర్తిగా అరగదు. మిగిలిన ముక్కలు చిన్నపేగు గోడలోకి చేరితే, అక్కడి ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైమ్ వాటికి రుణావేశం తెచ్చిపెడుతుంది. డీక్యూ2, డీక్యూ8 జన్యువులున్నవారి కణాలు అలా మారిన ముక్కల్ని గట్టిగా పట్టుకుని రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. ఆ దాడిలో పోషకాల్ని పీల్చుకునే నూగు చదునైపోతుంది, ఇనుము ఒంటపట్టదు. ఆ ఎంజైమ్ మీద కూడా యాంటీబాడీలు పుడతాయి. రక్తపరీక్ష వెతికేది వాటినే.

1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యంతో సీలియాక్ ఉన్న పిల్లల్ని కోలుకునేలా చేశారు. ఘనత అరటిపండుదని నమ్మారు. నిజానికి మేలు చేసింది గోధుమ రొట్టె మానేయడం! గోధుమ పాత్రను తేల్చింది డచ్ వైద్యుడు విల్లెమ్ డికె.

మన దేశంలో 2016లో వెలువడిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. సీలియాక్ ఉత్తరాదిన నూటికి సుమారు ఒకరిలో, వెల్లూరు ప్రాంతంలో వెయ్యికి ఒకరిలో కనిపించింది. ఆ జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి. గోధుమ వాడకం ఉత్తరాదిన రోజుకు 455 గ్రాములు, దక్షిణాదిన 25. అంటే సిరవారలో సీలియాక్ అరుదు కావచ్చు, అసాధ్యం కాదు. పైగా గోధుమ ముట్టనివారిలో యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బున్నా పరీక్ష మామూలుగా రావచ్చు. అందుకే పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు రోజుకు ఒకటికి మించిన పూటల్లో గోధుమ తినాలి. ముందే మానేసి పరీక్షకు వెళితే జవాబు దొరకదు.

ఐబీడీ పల్లెలకు రాదనుకోవడమూ పొరపాటే. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు లక్షణాలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ప్రచురించిన ఫలితాల్లో, పల్లెల్లోనూ పట్నాల్లోనూ సుమారు 5 శాతం మందికి అది బయటపడింది.

మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, యాభై దాటాక మొదలైన మార్పు, ఇంట్లో సీలియాక్, ఐబీడీ లేదా పేగు క్యాన్సర్ ఉండటం: వీటిలో ఏ ఒక్కటున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు. ఇవేవీ లేకపోయినా, విరేచనాలు పదేపదే అవుతుంటే సీలియాక్ రక్తపరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించాలి. కాల్‌ప్రొటెక్టిన్ తెల్లరక్తకణాల ప్రొటీన్. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే ఐబీడీ అవకాశం బాగా తక్కువ. ఎక్కువైతే మాత్రం అది ఐబీడీయే కానక్కర్లేదు: ఇన్ఫెక్షన్, నొప్పి మాత్రలు, పేగు క్షయ కూడా దాన్ని పెంచుతాయి. క్షయను ఐబీడీలో ఒక రకమైన క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే జబ్బు ముదురుతుంది కాబట్టి, కొలనోస్కోపీలో ముక్క తీసి రెంటినీ వేరుచేశాకే మందు మొదలుపెట్టాలి.