సరిహద్దులు దాటే శుభాకాంక్షలు

గుంటూరు నుండి ఎండుమిర్చిని, మిరపపొడిని ఎగుమతి చేసే ఒక సంస్థ ఉన్నదనుకుందాం. జర్మనీ, రష్యా, దుబాయి, జపాన్, ఆస్ట్రేలియాలలోని వర్తకులు ఆ సంస్థకు భాగస్వాములు. డిసెంబరు నెలలో వారందరికీ ఒకే శుభాకాంక్షల లేఖ పంపాలి. సంస్థలోని ఉద్యోగి మొదట ఇలా రాశాడు:

“ఈ నెల 25న మీరు జరుపుకొనే క్రిస్మస్ పండుగ సందర్భంగా మీకూ, మీ కుటుంబానికీ శుభాకాంక్షలు. ఈ చలికాలపు సెలవులు ఆనందంగా గడపండి. కొత్త సంవత్సరంలో మీ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లాలి.”

మన ఊరివారికైతే ఈ లేఖలో తప్పేమీ కనబడదు. కాని దీనిలోని ప్రతి వాక్యమూ ఎవరో ఒకరి వద్ద తడబడుతుంది.

జర్మనీలో డిసెంబరు 25, 26 తేదీలు రెండూ సెలవు దినాలే. అయితే రష్యాలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు క్రీస్తు జన్మదినాన్ని జనవరి 7న జరుపుకొంటారు. వారి చర్చి నేటికీ పాత జూలియన్ పంచాంగాన్ని అనుసరించడమే ఇందుకు కారణం. కనుక తేదీ పేర్కొన్న శుభాకాంక్ష వారికి వర్తించదు. జపాన్‌లో డిసెంబరు 25 మామూలు పనిదినం. అక్కడ అసలైన పండుగ నూతన సంవత్సరమే. ఇక దుబాయి మాటేమిటి? అది ముస్లిం దేశంలోని నగరం కదా అని క్రిస్మస్ మాటను పూర్తిగా తొలగిస్తే, ఆ కార్యాలయంలో మన లేఖ అందుకొనే వ్యక్తి కేరళ నుండి వెళ్లిన క్రైస్తవుడు కావచ్చు. దేశాన్ని బట్టి మనిషి మతాన్ని ఊహించరాదు.

ఈ చిక్కును విడదీసే మార్గం ఒకటున్నది. పండుగ పేరును తొలగించనక్కర లేదు. “క్రిస్మస్ జరుపుకొనే మిత్రులకు” అని రాస్తే చాలు. పండుగ ఉన్నవారు సంతోషిస్తారు. లేనివారికి తమకు సంబంధం లేని పండుగను అంటగట్టారన్న భావం కలగదు. తేదీ లేదు కనుక రష్యా మిత్రులకూ ఆ మాట సరిపోతుంది.

“చలికాలపు సెలవులు” అన్న మాట ఆస్ట్రేలియాకు చెల్లదు. దక్షిణార్ధగోళంలో డిసెంబరు నడివేసవి. మంచు కప్పిన దేవదారు చెట్టు బొమ్మను లేఖపై ముద్రించినా ఇదే చిక్కు.

కుటుంబ ప్రస్తావన మరింత సున్నితమైనది. జపాన్‌లో ఆ ఏడాది దగ్గరి బంధువు మరణించిన ఇంటివారు నూతన సంవత్సర కార్డులు పంపరు. ఆ సంగతిని ముందుగానే ఒక కార్డు ద్వారా బంధుమిత్రులకు తెలియజేస్తారు. ఏటిసూతకం నాడు పండుగ చేసుకోని మన ఇళ్లకు ఈ ఆచారం వింతగా తోచదు. వ్యక్తి కుటుంబానికి గాక సంస్థకూ, సహోద్యోగులకూ శుభం కోరితే ఇబ్బంది తగ్గుతుంది.

చివరి వాక్యంలోని జాతీయం తెలుగులో ఎంతో సొంపైనది. కాని లేఖ వెళ్లేది ఆంగ్లంలో. పువ్వులనూ కాయలనూ లెక్కపెట్టి అనువదిస్తే చదివేవారు తికమక పడతారు. ఆంగ్లంలోని జాతీయాలకూ, వాడుక సంక్షిప్తాలకూ ఇదే నియమం. “ఎక్స్‌మస్” అన్న పొట్టి రూపాన్నే తీసుకోండి. దానిలోని మొదటి అక్షరం గ్రీకు భాషలో క్రీస్తు పేరుకు తొలి అక్షరమే; అయినా ఆ సంగతి తెలియక దానిని అగౌరవంగా భావించేవారు ఉన్నారు. పూర్తి పేరు రాయడానికి పట్టే శ్రమ స్వల్పమే గదా!

ఇన్ని తొలగించిన తరువాత లేఖ చప్పగా మిగిలిపోతుందన్న అనుమానం కలగవచ్చు. నిజానికి చప్పదనం తటస్థమైన మాటల వల్ల రాదు; చెప్పడానికి విషయం లేకపోవడం వల్ల వస్తుంది. ఆ సంవత్సరం కలిసి చేసిన పని గురించి ఒక్క వాక్యం చేర్చితే లేఖకు జీవం వస్తుంది. సవరించిన లేఖ తెలుగులో ఇలా ఉంటుంది:

“గౌరవనీయులైన మిత్రులకు,
ఈ సంవత్సరం మా సరుకు నాణ్యతపై మీరు పంపిన సూచనలు మాకెంతో తోడ్పడినవి. అందుకు మా కృతజ్ఞతలు. క్రిస్మస్ జరుపుకొనే మిత్రులకు మా క్రిస్మస్ శుభాకాంక్షలు. రానున్న సంవత్సరం మీ సంస్థకూ, మీ సహోద్యోగులందరికీ ఆరోగ్యాన్నీ, ప్రశాంతతనూ, అభివృద్ధినీ కలిగించాలని కోరుతున్నాము. సంక్రాంతి సందర్భంగా జనవరి 14 నుండి 16 వరకు మా కార్యాలయానికి సెలవు.
ఇట్లు,
మీ విశ్వసనీయులు.”

“రానున్న సంవత్సరం” అన్న మాటను గమనించండి. జపాన్‌లో నూతన సంవత్సర అభినందన జనవరి 1కి ముందు చెప్పరు. రాబోయే ఏడాది బాగుండాలని కోరడం మాత్రం డిసెంబరులోనూ తగినదే. రావలసిన బాకీ గురించిగాని, కొత్త ధరల గురించిగాని ఈ లేఖలో ఒక్క మాట కూడా ఉండరాదు. అవి ఉంటే శుభాకాంక్ష వసూలు నోటీసుకు ముసుగుగా కనబడుతుంది. వాటికి వేరే లేఖ రాసుకోవచ్చు.

జర్మనీలో చాలా కార్యాలయాలు క్రిస్మస్ నుండి నూతన సంవత్సరం దాకా మూతపడతాయి గనుక లేఖ డిసెంబరు రెండవ వారంలోనే చేరాలి. ఈ-మెయిల్‌గా పంపేటప్పుడు చిరునామాలన్నీ Bcc గడిలో ఉంచాలి. To గడిలో వరుసగా రాస్తే, మన కొనుగోలుదారులు ఎవరెవరో వారిలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. వీలైతే ఐదు లేఖలనూ విడివిడిగా, పైన ఆయా వ్యక్తుల పేర్లతో పంపడం ఇంకా మేలు.