సెల్లార్‌లో ఛార్జర్‌కు అనుమతి: లేఖలో ఏం రాయాలి?

హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకుందాం. 302వ ఫ్లాట్ యజమాని ఎలక్ట్రిక్ కారు బుక్ చేశారు. సొంత పార్కింగ్ ఉంది, కానీ అక్కడ ప్లగ్ లేదు. అసోసియేషన్‌కు లేఖ రాయాలి.

‘దయచేసి అనుమతించగలరు’ అని రెండు ముక్కలు రాస్తే కమిటీకి వెంటనే సందేహాలొస్తాయి. కరెంటు బిల్లు ఎవరిది? నిప్పంటుకుంటే ఎలా? రేపు అందరూ అడిగితే? వీటికి ముందే జవాబిచ్చే లేఖకే సంతకం త్వరగా పడుతుంది.

బిల్లు సంగతి మొదట తేల్చాలి. నివాసంలో ఉన్న కనెక్షన్‌తోనే వాహనాన్ని ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే కేబుల్ వెళ్లే గోడ, సీలింగ్ అందరివీ. అందుకే అసోసియేషన్ ఒప్పుకోవాలి. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కిందే ఉంటాయి కాబట్టి లేఖలో ఇలా రాయవచ్చు: ‘మా ఫ్లాట్ మీటరు నుంచే విడిగా లైను తీసుకుంటాను. కామన్ మీటరుతో దీనికి సంబంధం ఉండదు. ఖర్చంతా నాదే. ఫ్లాట్ అమ్మితే, కొన్నవారికి అక్కర్లేకపోతే తీయించేస్తాను.’

తర్వాత భద్రత. 7.2 కిలోవాట్ల ఛార్జర్ సుమారు 31 ఆంప్స్ కరెంటును గంటల తరబడి లాగుతుంది. మీటరు నుంచి పార్కింగ్ 25 మీటర్లయితే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, 40 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్ కావాలి. ఇవన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో రాయించి, కేబుల్ దారి గీసిన కాగితాన్ని లేఖకు జతచేయాలి. వానలకు సెల్లార్‌లో నీళ్లు చేరతాయి కనుక పెట్టెను నడుమెత్తు కంటే పైనే బిగిస్తామని కూడా చెప్పాలి. అసలు ప్రమాదం ఎక్స్‌టెన్షన్ బాక్సుతోనే. ప్లగ్ వేడెక్కినా, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయాలి.

ఫ్లాట్ మంజూరు లోడు 5 కిలోవాట్లే అయితే ఈ ఛార్జర్‌కు చాలదు. డిస్కంకు అదనపు లోడు కోసం దరఖాస్తు చేయాలి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి అంత పెద్ద ఛార్జర్ అవసరమూ లేదు. ఆ దూరానికి సుమారు 6 యూనిట్లు చాలు. 3.3 కిలోవాట్ల ఛార్జర్ రెండు గంటల్లో ఇస్తుంది. దానికీ విడి లైను ఉండాల్సిందే. ఏసీ, గీజరు నడిచే వేళ కాకుండా అర్ధరాత్రి దాటాక పెట్టుకుంటే ఫ్లాట్ లోడు మీదా ఒత్తిడి తగ్గుతుంది.

మూడో సందేహమే న్యాయమైనది. పది కార్లు ఒకేసారి 7.2 కిలోవాట్ల చొప్పున లాగితే 72 కిలోవాట్లు. ఇళ్ల వాడకానికి తోడు ఇదీ పడితే అపార్ట్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేకపోవచ్చు. అందుకే 302వ ఫ్లాట్ వారు చివరి పేరాలో ఈ మాట చేర్చారనుకుందాం: ‘రాత్రి 12 తర్వాతే ఛార్జ్ చేస్తాను. రేపు ఎక్కువమంది అడిగి, లోడు పంచుకునే ఉమ్మడి ఏర్పాటు చేస్తే, నా ఛార్జర్‌నూ అందులో కలుపుతాను.’